ఒకే పలక మీద మూడు పాఠాలు

శ్రీలంక దక్షిణ తీరంలోని గాల్ పట్టణంలో ఒక మోరీకి కప్పురాయిగా ఉపయోగపడుతూ వచ్చి, 1911లో పండితుల దృష్టిలో పడి, ఇప్పుడు కొలంబో జాతీయ ప్రదర్శనశాలలో ఉన్న ఒక రాతిపలక మీద చైనా, తమిళ, పారశీక భాషల్లో మూడు పాఠాలు చెక్కి ఉన్నాయి. పలక ఎత్తు సుమారు 145 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 76 సెంటీమీటర్లు, మందం దాదాపు 13 సెంటీమీటర్లు. దాని శిరోభాగాన రెండు డ్రాగన్లు ఎదురెదురుగా చెక్కి ఉంటాయి. మింగ్ వంశపు చక్రవర్తి యోంగ్లె పంపిన నౌకాదళానికి నాయకుడైన జెంగ్ హె దీన్ని సింహళానికి తెచ్చి నిలిపించాడు. ఇలాంటి పలక ఛాయాచిత్రాన్ని చేతిలోకి తీసుకున్న అనువాదకుడు మూడు భాషలు తెలిసినవాడై ఉండటం, లేదా ముగ్గురు పండితుల సాయం పొందగలగటం ఎంత అవసరమో, ఏ వాక్యం బొమ్మలో ఎక్కడి నుంచి వచ్చిందో పాఠకుడికి ప్రతి అడుగులోనూ తెలిసేలా చేయటం కూడా అంత అవసరం. రెండోది కుదరకపోతే మొదటిది ఎంత బాగా చేసినా పాఠకుడికి చేరేది ఏ రాతి మీదా లేని ఒక నాలుగో పాఠం.

ఈ హెచ్చరిక గాల్ పలక విషయంలో మరింత గట్టిగా వర్తించటానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. ఒక బొమ్మలో మూడు భాషలు కనిపించగానే అవి ఒకే విషయాన్ని మూడుసార్లు చెబుతున్నాయని అనుకోవటం సహజమే, ఎందుకంటే రైల్వే స్టేషను పేరుపలక నుంచి మందుసీసా చీటీ దాకా నిత్యం కళ్లబడే బహుభాషా రాతలన్నీ అలాంటివే. గాల్ పలక మీది మూడు పాఠాలు మాత్రం ఒకదానికొకటి అనువాదాలు కావు. చైనా భాగం బుద్ధుణ్ణి సంబోధించి ఆయన ఆలయాలకు కానుకలు సమర్పిస్తుంది. తమిళ భాగం అవే తరహా కానుకలను తెనవరై నాయనార్ అనే దేవుడికి సమర్పిస్తుంది. పారశీక భాగం, మిగిలినంత మేరకు, ఇస్లాం మతానికి సంబంధించిన సమర్పణగా కనిపిస్తుంది. దాత ఒకరే, కానుకల పట్టికలు దగ్గరదగ్గరగా ఉంటాయి, గ్రహీతలు మాత్రం ముగ్గురు. మూడింటినీ కలిపి ఒక సారాంశంగా రాసి ‘చక్రవర్తి దేవుడికి కానుకలు పంపాడు’ అని ముగించిన అనువాదంలో తప్పు మాట ఒక్కటీ ఉండకపోవచ్చు, కానీ ఈ పలకను చెక్కించిన వారి ప్రయోజనం అందులో పూర్తిగా కనుమరుగవుతుంది.

అనువాదకుడికి సాధారణంగా రాయి అందుబాటులో ఉండదు, అతని ముందు ఉండేది దాని బొమ్మ. ఆ బొమ్మ రెండు రకాలుగా తయారవుతుంది. తడిపిన కాగితాన్ని రాతి మీద పరచి, కుంచెతో కొట్టి, అక్షరాల గుంటల్లోకి దిగేలా చేసి, పైన సిరా అద్దితే గుంటలు తెల్లగానూ చుట్టూ ఉన్న రాయి నల్లగానూ పడే కాగితపు ప్రతిని శాసన పరిశోధకులు ఎస్టాంపేజి అంటారు. రాతికి తగలని వైపున సిరా అద్దుతారు కనుక అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడవు. రెండో రకం ఛాయాచిత్రం, దాని విలువ వెలుతురు పడే దిశ మీద ఆధారపడుతుంది. రాతి తలానికి దాదాపు సమాంతరంగా ఒక పక్క నుంచి దీపం వేసినప్పుడు ఆ దిశకు అడ్డంగా ఉన్న గీతలు నీడ పడి స్ఫుటంగా కనిపిస్తాయి, దిశ వెంబడి సాగే గీతలు నీడ లేక మాయమవుతాయి. అడ్డగీతలూ నిలువుగీతలూ సమానంగా ఉండే చైనా అక్షరాన్ని ఒకే దిశ వెలుతురులో తీసిన చిత్రం నుంచి చదివితే ఒక గీత లోపించి ఆ అక్షరం వేరొక అక్షరంగా కనిపించే ప్రమాదం ఉంది. అందువల్ల కనీసం రెండు దిశల వెలుతురులో తీసిన చిత్రాలను పక్కపక్కన పెట్టుకోవాలి, ఏ భాగం ఏ చిత్రం ఆధారంగా చదివిందో నమోదు చేయాలి. ఒకే రాతి మీద ఉన్నా మూడు భాగాలూ ఒకే చిత్రంలో సమానంగా కనిపిస్తాయన్న హామీ లేదు.

ఆ తర్వాతి పని బొమ్మను భాగాలుగా విడదీయటం, చదవటం దాని తర్వాతే. గాల్ పలకలో చూసేవారి కుడివైపున చైనా పాఠం నిలువు వరుసల్లో ఉంటుంది, ఎడమవైపు పైభాగాన తమిళం, దాని కింద పారశీకం ఉంటాయి. చైనా పాఠం పై కుడి మూలన మొదలై, ఒక్కో వరుస పైనుంచి కిందికి దిగుతూ, వరుసలు కుడినుంచి ఎడమకు జరుగుతాయి. తమిళం తెలుగులాగే ఎడమనుంచి కుడికి నడుస్తుంది. పారశీకం కుడినుంచి ఎడమకు నడుస్తుంది. ఫలితంగా చైనా పాఠం పలక నడుమకు వచ్చి ముగుస్తుంది, తమిళ పంక్తులు కూడా నడుమకే వచ్చి ముగుస్తాయి, పారశీక పంక్తులు మాత్రం ఆ నడుమనే మొదలవుతాయి. చిత్రంలో మూడు భాగాలు ఒకదానికొకటి ఆనుకునే ఈ నడిమి పట్టీ పొరపాట్లకు నెలవు. అరిగిన ఒక గీత ఏ భాగానికి చెందిందో తేల్చకుండా చదవబోతే చైనా చివరి వరుసలోని ముక్కను పారశీక పంక్తి తొలి అక్షరంగా లెక్కించటం కష్టమేమీ కాదు. కనుక ముందుగా ప్రతి భాగానికీ సరిహద్దు గీసి, దానికొక పేరు పెట్టి, ఆ భాగం సొంత దిశలోనే పంక్తుల సంఖ్య వేయాలి. చైనా భాగంలో ‘మూడో వరుస’ అంటే కుడినుంచి మూడవది, తమిళ భాగంలో ‘మూడో పంక్తి’ అంటే పైనుంచి మూడవది అని పాఠకుడికి ఒకసారి చెప్పాక అయోమయం ఉండదు. పలక మొత్తానికీ పైనుంచి కిందికి ఒకే వరుస సంఖ్య ఇవ్వటం చూడటానికి పొందికగా ఉన్నా పనికిరాదు.

భాగానికి పేరు పెట్టేటప్పుడు లిపినీ భాషనీ వేరువేరుగా చెప్పాలన్నది అనుభవజ్ఞులు పాటించే నియమం, ఎందుకంటే లిపి కంటికి కనిపించేది, భాష చదివాక తేలేది. ఈజిప్టులో దొరికి, లండన్‌లో ఉన్న రొసెట్టా రాతి మీద మూడు రకాల రాతలు కనిపిస్తాయి, అందువల్ల అది మూడు భాషల రాయి అనుకునేవారు ఇప్పటికీ తారసపడతారు. నిజానికి చిత్రలిపిలోనూ డెమోటిక్ అనే వాడుక లిపిలోనూ ఉన్నది ఈజిప్టు భాష, మూడోది గ్రీకు. అంటే లిపులు మూడు, భాషలు రెండు. గాల్ పలకలో భాషలు నిజంగానే మూడు, అయినా చిక్కు లేకపోలేదు. కింది ఎడమ భాగంలో ఉన్నది అరబ్బీ లిపి, ఆ లిపిని చూడగానే ‘అరబ్బీ భాగం’ అని చీటీ తగిలించేస్తే తప్పవుతుంది. అరబ్బీలో లేని నాలుగు ధ్వనుల కోసం పారశీకులు ప్రత్యేక అక్షరాలు కల్పించుకున్నారు గానీ పాత రాతల్లో వాటి గుర్తులు తరచూ వదిలేస్తారు, పైగా మతపరమైన పదజాలం చాలావరకు అరబ్బీదే. కాబట్టి భాషను పదాలు చూసి కాక, పదాలను కలిపే విభక్తి పదాలనూ క్రియలనూ చూసి నిర్ధారించాలి. తెలుగు వాక్యం నిండా సంస్కృత పదాలున్నా ప్రత్యయాలూ క్రియా తెలుగువైతే అది తెలుగే అయినట్టు, ఇక్కడా వ్యాకరణమే సాక్షి. ఆ కాలపు తమిళ శాసనాల్లో సంస్కృత పదాలను గ్రంథ లిపిలో రాయటం కూడా ఆనవాయితీ, కనుక రెండో లిపి అక్షరాలు నడుమ కనిపించినంత మాత్రాన నాలుగో భాష ఉందని భ్రమపడకూడదు. చైనా భాగం కూడా ఈనాటి చైనీయులు మాట్లాడే భాష కాదు. అది రాజశాసనాలకూ పాండిత్యానికీ వాడిన సాహిత్య చైనా భాష, దాన్ని ఆధునిక చైనా భాష తెలిసినంత మాత్రాన నమ్మకంగా చదవలేరు.

చదవటమంటే ముందు మూలపాఠాన్ని ఎత్తి రాసుకోవటం. ప్రతి లిపికీ తనదైన లోపం ఉంటుంది, అరుగుదల కూడా ప్రతి లిపినీ ఒక్కో తీరుగా దెబ్బ తీస్తుంది. అరబ్బీ లిపిలో బ, త, న, య వంటి అక్షరాలు పదం నడుమ ఒకే పన్నులా కనిపిస్తాయి, వాటిని వేరుచేసేది పైనో కిందనో ఉండే చుక్కలే. రాయి అరిగితే చుక్క మాయమవుతుంది, గాలికీ ఉప్పునీటికీ పడిన చిన్న గుంట చుక్కలా కనిపిస్తుంది. గాల్ పలకలో అన్నిటికంటే ఎక్కువగా చెడిపోయిన భాగం పారశీకమే, అందువల్ల అక్కడ ఒక్కో పదానికి రెండు మూడు అవకాశాలు నిలుస్తాయి. తమిళంలో ఇబ్బంది వేరు. హల్లు మీద అచ్చు లేదని తెలిపే చుక్కను, అంటే పుళ్ళిని, నాటి శాసనాల్లో సాధారణంగా పెట్టేవారు కాదు, హ్రస్వ దీర్ఘ ఎ ఒ లకు వేర్వేరు గుర్తులూ లేవు. అందువల్ల అక్షరాలన్నీ స్పష్టంగా ఉన్నా పదం ఎక్కడ ముగిసిందో చదువరి తేల్చుకోవాల్సిందే. పాత తెలుగు శాసనాలు చదివినవారికి ఈ ఎకార ఒకారాల తికమక కొత్తేమీ కాదు.

చైనా భాగం బాగా నిలిచినా అక్కడా సందేహాలున్నాయి. దూతల్లో మొదటివాడు జెంగ్ హె అనటంలో వివాదం లేదు, రెండోవాడి పేరును తొలితరం పండితులు వాంగ్ చింగ్‌లియన్ అని చదివారు, తర్వాతి పాఠాల్లో అది వాంగ్ గ్వీతోంగ్ అయింది. వంశనామం ఒక్కటే, తర్వాతి రెండు అక్షరాలు వేరు. ఇలాంటి చోట అనువాదంలో ఒక పేరు స్వీకరించి, రెండో చదువును అక్కడే సూచించటం మర్యాద. నిశ్శబ్దంగా ఒకటి ఎంచుకుంటే పాత పుస్తకం చదివిన పాఠకుడు పలక మీద ఇద్దరు కాదు ముగ్గురు దూతలున్నారని అనుకునే వీలుంది. దూతల పేర్లు తమిళ భాగంలోనూ ఉన్నాయి గానీ అక్కడ తమిళ చెవికి వినిపించిన రూపంలో, తమిళ అక్షరాల్లో ఒదిగి ఉంటాయి. వాటిని అనువాదంలో చైనా రూపాలకు దిద్దేయటం సౌకర్యంగా ఉంటుంది, అయితే ఆ పేరు ఓడరేవులో ఎలా పలికేవారో తెలిపే సాక్ష్యం దిద్దుబాటుతో పోతుంది. తమిళ రూపాన్ని అలాగే ఉంచి, పక్కన చదరపు కుండలీకరణంలో ‘చైనా భాగంలోని జెంగ్ హె’ అని చెప్పటం మేలు.

ఇక అనువాదం. చైనా భాగంలో మహామింగ్ చక్రవర్తి తన దూతల ద్వారా లోకపూజ్యుడైన బుద్ధుడికి విన్నవించుకుంటాడు. బుద్ధుడి కరుణనూ ధర్మ మహిమనూ కీర్తించి, సముద్రం మధ్య ఉన్న సిలన్‌షాన్ లోని ఆలయాల ప్రభావాన్ని తలచుకొని, ఇటీవల తాను దూరదేశాలకు దూతలను పంపినప్పుడు మనుషులూ ఓడలూ క్షేమంగా వెళ్లి రాగలగటం ఆ కరుణ వల్లనే జరిగిందని, అందుకు కృతజ్ఞతగా కానుకలు అర్పిస్తున్నానని చెబుతాడు. తర్వాత వచ్చేది పట్టిక. దాని తొలిభాగం తెలుగులో ఇలా ఉంటుంది: ‘బంగారం వెయ్యి చియన్‌లు, వెండి అయిదు వేల చియన్‌లు, రంగురంగుల పట్టుతానులు యాభై, రంగురంగుల సన్నపట్టు తానులు యాభై, బంగారు జరీ నేసిన పట్టు పతాకాలు నాలుగు జతలు.’ ఆపైన ధూపపాత్రలు, పూలకలశాలు, దీపపు సెమ్మెలు, ప్రమిదలు, ధూపద్రవ్యాల పెట్టెలు, బంగారు తామరపూలు వస్తాయి. చివర పరిమళతైలం 2500 జిన్‌లు, మైనపు వత్తులు పది జతలు, చందనం పది ముక్కలు ఉంటాయి.

తమిళ భాగం ఈ విన్నపాన్ని మరో సభలోకి తీసుకుపోతుంది. అక్కడ చీనా మహారాజు రాజాధిరాజుగా, నిండుచంద్రుడి వంటివాడిగా వర్ణితుడై, ఇలంగై రాజ్యంలోని తెనవరై నాయనార్ కీర్తిని విని కానుకలు పంపుతాడు. లోకంలోని జీవులన్నీ ఆ స్వామి దయవల్ల సుఖంగా ఉన్నాయని, వచ్చిపోయేవారి దారిలోని అడ్డంకులు ఆయన అనుగ్రహంతో తొలగుతున్నాయని అంటాడు. తెనవరై అంటే ఈనాటి దేవినువర, ద్వీపం దక్షిణ కొనన ఉన్న ఊరు. అక్కడి దేవాలయాన్ని 14వ శతాబ్దంలో యాత్రికుడు ఇబ్న్ బతూతా చూశాడు, 1588లో పోర్చుగీసు వారు ధ్వంసం చేశారు. ఆ దేవుణ్ణి సింహళీయులు ఉపుల్వన్ అని కొలిచారు, ఆయన విష్ణువు రూపమని పలువురి అభిప్రాయం. అయినా తమిళ భాగపు అనువాదంలో ‘విష్ణువుకు’ అని రాయటం అనుచితం, ఎందుకంటే ఆ మాట పలక మీద లేదు. నాయనార్ అంటే ప్రభువు. ‘తెనవరై ప్రభువు’ అన్నంత వరకే రాయి బాధ్యత, విష్ణువన్నది వ్యాఖ్యాత బాధ్యత. అదే కారణం చేత మూడు భాగాల్లోనూ ద్వీపానికి ‘శ్రీలంక’ అన్న పేరు పెట్టకూడదు. ఆ దేశం అధికారికంగా ఆ పేరు పెట్టుకున్నది 1972లో. చైనా పాఠంలో సిలన్‌షాన్, తమిళ పాఠంలో ఇలంగై అని ఉంచి, అవి రెండూ ఒకే ద్వీపమని పీఠికలో ఒకసారి చెబితే చాలు.

కొలమానాల దగ్గర మూడు భాగాల విభజన ఎంత పని చేస్తుందో బాగా తెలుస్తుంది. చైనా పట్టికలోని చియన్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి: ఒకటి నాణెం లేక డబ్బు, రెండోది లియాంగ్ అనే తూకంలో పదో వంతు. తొలి ఆంగ్ల అనువాదాలు దీన్ని వెయ్యి బంగారు ముక్కలుగా చూపగా పాఠకులు నాణేలను ఊహించుకున్నారు. ఆ కాలపు చియన్ తూకం దాదాపు 3.7 గ్రాములు, కాబట్టి వెయ్యి చియన్‌ల బంగారం సుమారు 3.7 కిలోలు, అయిదు వేల చియన్‌ల వెండి సుమారు 18.5 కిలోలు. ఇక్కడ తూకమే ఉద్దేశించారనటానికి తమిళ భాగం తోడు నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ బంగారం వెయ్యి కళంజులు, వెండి అయిదు వేల కళంజులు అని ఉంది, కళంజు దక్షిణ దేశంలో బంగారం తూచే కొలత. సంఖ్యలు రెండు భాగాల్లోనూ ఒకటే, కొలతలు మాత్రం సమానం కావు: కళంజు ప్రాంతాన్ని బట్టి మారుతూ సాధారణంగా చియన్ కంటే కొంత బరువుగానే ఉండేది. అంటే తమిళ పాఠం రాసినవారు లెక్కగట్టి మార్చలేదు, సంఖ్యను అలాగే ఉంచి దగ్గరి కొలత పేరు పెట్టారు. అనువాదకుడు రెండు భాగాల్లోనూ ‘3.7 కిలోల బంగారం’ అని రాసి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. రెండు భాగాల్లోనూ ‘వెయ్యి తులాలు’ అని తెలుగు కొలత పెట్టినా అంతే. ప్రతి భాగంలో ఆ భాగపు కొలతే ఉండాలి, గ్రాముల లెక్క అధోజ్ఞాపికలో ఉండాలి.

పట్టికలోని అంకెల గురించి ఇంకో మాట. చైనా భాగంలో సంఖ్యలు సాధారణ రూపంలో కాక లెక్కల పత్రాల్లో వాడే ఎక్కువ గీతల రూపాల్లో ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు అనే అంకెలు మామూలు చైనా రాతలో ఒకటి, రెండు, మూడు అడ్డగీతలే కనుక ఎవరైనా గీత చేర్చి మార్చగలరన్న జాగ్రత్తతో పుట్టిన రూపాలవి. అరిగిన రాతి మీద ఇది అనువాదకుడికి అనుకోని వరం, ఎందుకంటే గీతలు ఎక్కువగా ఉన్న అక్షరంలో సగం పోయినా మిగతా సగంతో గుర్తుపట్టవచ్చు. అందుకే చైనా పట్టికలోని సంఖ్యల మీద నమ్మకం ఎక్కువ.

ఇక్కడే ఒక ప్రలోభం ఎదురవుతుంది. పారశీక భాగంలో పట్టిక ముక్కలుముక్కలుగా మిగిలింది, చైనా పట్టిక నిండుగా ఉంది, తమిళ పట్టిక దానికి సరితూగుతోంది. అలాంటప్పుడు పారశీకంలోని ఖాళీలను మిగతా రెండింటితో నింపేస్తే తప్పేమిటన్న ప్రశ్న సహజం. పక్క భాగాల సాయం తీసుకోవటంలో తప్పు లేదు, అరిగిన పదంలో మిగిలిన రెండు అక్షరాలు ‘వెండి’ అన్న పారశీక పదానికి సరిపోతాయా అని చూడటానికి చైనా పట్టిక దారి చూపుతుంది. కానీ మూడు పాఠాలూ ఒకదానికొకటి అనువాదాలు కావని ముందే తెలుసు, గ్రహీతలే వేరైనప్పుడు కానుకలు తూచా తప్పకుండా ఒకటే అయి ఉండాలని ఏముంది? శాసన సంపాదకులు ఈ చిక్కును గుర్తులతో పరిష్కరిస్తారు. పోయిన అక్షరాలను సంపాదకుడు ఊహించి పూరిస్తే వాటిని చదరపు కుండలీకరణాల్లో పెడతారు, ఊహించలేనిచోట చుక్కలు ఉంచుతారు, సందేహాస్పదమైన అక్షరం కింద చుక్క పెడతారు. గ్రీకు, లాటిన్ పాఠాల సంపాదకులు 1931లో లైడెన్ నగరంలో కుదుర్చుకున్న పద్ధతి నుంచి ఈ గుర్తుల్లో ఎక్కువ భాగం వ్యాపించాయి. మూడు భాషల పలక విషయంలో ఈ పద్ధతికి ఒక చేర్పు కావాలి: పూరణ పక్క భాగం ఆధారంగా చేసినదైతే ఏ భాగం ఆధారమో చెప్పాలి. ‘[వెండి: చైనా భాగాన్ని బట్టి]’ అని ఉంటే పాఠకుడు దాని బరువు తానే తూచుకుంటాడు. ఉత్త చదరపు గుర్తు మాత్రం ఉంటే అది రాతి మీది జాడల నుంచి వచ్చిందని అనుకుంటాడు.

అనువాదంలో ఈ గుర్తులను ఎంతవరకు ఉంచాలన్నది గ్రంథాన్ని బట్టి ఉంటుంది. సామాన్య పాఠకుల పుస్తకంలో ప్రతి అక్షరపు సందేహమూ చూపితే చదవటం శిక్ష అవుతుంది. పదం స్థాయిలో పూరణలనూ ఖాళీలనూ చూపి, అక్షరం స్థాయి సందేహాలను మూలపాఠానికి వదిలేయటం సమంజసం. అయితే ఖాళీని మాత్రం ఎప్పుడూ దాచకూడదు. పారశీక భాగపు అనువాదం తక్కిన రెండింటి కంటే పొట్టిగా, తెగిపోయిన వాక్యాలతో, చుక్కలతో కనిపించటం అనువాదకుడి అసమర్థత కాదు, రాతి స్థితి. దాన్ని నున్నగా సవరించి మూడు భాగాలనూ ఒకే పొడవున, ఒకే శైలిలో అచ్చు వేసిన పుస్తకం కంటికి ఇంపుగా ఉంటుంది గానీ, మూడు పాఠాలూ సమానంగా నిలిచాయన్న అబద్ధాన్ని మాట అనకుండానే చెబుతుంది.

భాగాలను పాఠకుడికి పరిచయం చేసే శీర్షికలో నాలుగు సంగతులు ఉంటే చాలు: స్థానం, లిపి, భాష, స్థితి. ‘ఎడమవైపు పైన, తమిళ లిపి, సంస్కృత పదాలకు గ్రంథ లిపి, తమిళ భాష, చాలావరకు చదవగలిగే స్థితి’ అన్న ఒక్క పంక్తి చదివాక బొమ్మ వైపు చూసిన పాఠకుడి కన్ను తడుముకోదు. స్థానాన్ని చూసేవారి కుడి ఎడమలను బట్టి చెప్పాలి, ఆ సంగతి కూడా ఒకసారి చెప్పాలి, ఎందుకంటే విగ్రహాల వర్ణనలో విగ్రహపు కుడి ఎడమలను చెప్పే అలవాటు ఉంది. బొమ్మ మీదే సన్నని గీతతో సరిహద్దులు గీసి అ, ఆ, ఇ అని గుర్తులు పెడితే ఇంకా మంచిది. కానీ గీతలు లేని బొమ్మ కూడా పక్కన ఉండాలి, లేకపోతే సంపాదకుడి సరిహద్దు సరైనదో కాదో చూసుకునే వీలు పాఠకుడికి ఉండదు.

పాఠం కంప్యూటరు తెరకు ఎక్కినప్పుడు ఇవే సంగతులు యంత్రానికి కూడా చెప్పాలి. భాషకు ఒక సంకేతం, లిపికి ఒక సంకేతం కలిపి రాసే పద్ధతి ఇందుకు ఉంది:

```html
<div lang="lzh-Hant">…</div>
<div lang="ta-Taml">…</div>
<div lang="fa-Arab" dir="rtl">…</div>
```

ఇందులో `lzh` సాహిత్య చైనా భాషను సూచిస్తుంది, `Hant` సంప్రదాయ చైనా అక్షరాలను సూచిస్తుంది. `fa-Arab` అంటే పారశీక భాష, అరబ్బీ లిపి, అంటే పైన చెప్పిన లిపి భాషల తేడా సంకేతంలోనే ఇమిడి ఉంది. మూడో పంక్తిలోని `dir="rtl"` కుడినుంచి ఎడమకు నడవమని చెప్పే ఆజ్ఞ. అది లేకుండా పారశీక మూలాన్ని తెలుగు వాక్యం నడుమ ఉంచితే అక్షరాలు సరిగానే కనిపించినా కుండలీకరణాలూ చుక్కలూ అంకెలూ పక్కకు జరిగిపోతాయి. పూరణను చూపే చదరపు గుర్తు పంక్తి ఆ చివరికి పోయిందంటే, పోయిన అక్షరాలు ఉన్నట్టూ ఉన్న అక్షరాలు పోయినట్టూ అర్థం మారుతుంది. అచ్చుకు ముందు పారశీక పంక్తులను మూలంతో మళ్లీ సరిచూడటానికి ఇదే కారణం.

చివరిగా తేదీ. చైనా భాగం చివరి వరుసలో యోంగ్లె పాలన ఏడో ఏట రెండో నెల మొదటి రోజు అని ఉంది, అది 1409 ఫిబ్రవరి 15కు సరిపోతుంది. తమిళ భాగంలోనూ యోంగ్లె ఏడో ఏడే కనిపిస్తుంది. తేదీ స్పష్టంగా ఉంది కనుక పలకను గాల్‌లో ఆ రోజే నిలిపారని రాసినవారు ఉన్నారు, కానీ పలకను చైనాలోనే చెక్కి ఓడ మీద తెచ్చారన్నది పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ఆ ఓడలు సింహళంలో మజిలీ చేసిన మూడో యాత్ర 1409 నుంచి 1411 దాకా సాగింది. అందువల్ల ‘1409 ఫిబ్రవరి 15’ అన్నది చైనా భాగపు శీర్షిక కింద, ఆ పాఠం రాసిన తేదీగానే ఉండాలి. పలక మొత్తానికి పెట్టిన పేరు కింద ఆ తేదీని వేస్తే అది నిలబెట్టిన తేదీగానూ, పారశీక భాగపు తేదీగానూ చెల్లుబాటైపోతుంది, ఆ రెండింటికీ ఆ వరుసలో ఆధారం లేదు.